ఎనిమిదిన్నరా, నాలుగున్నరా

నాకు ఎకనామిక్స్ నేర్పిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోయిందని మర్యాద కోసం కూడా అనను. అనమని మా అమ్మ చాలాసార్లు చెప్పింది. పెద్దాయన, మనవాడు, మన శ్రీకాకుళంవాడు అంటుంది. ఆ మనవాడు అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరిన రోజుల్లో ఆయన ఇక్కడి కాలేజీలో లెక్చరరుగా వచ్చారు. ఊరుగాని ఈ హిందీ ఊళ్లో తెలుగువాళ్లం కాబట్టి నేను మావయ్య అన్నాను, ఆయన భార్యని అత్తయ్య అన్నాను. ఎం.ఏ. చదివేటప్పుడు ప్రతి ఆదివారం ఊళ్లోనే ఉన్న రుఆబాంధాలో వాళ్లింటికి వెళ్లేదాన్ని. అత్తయ్య ఉప్మా పెట్టేది. ఆయన వరండాలో బల్ల మీద సుద్దముక్కతోనే లెక్కలు చేసేవారు, కాగితం దండగని.

వడ్డీ రేటు సూత్రం నేర్చుకున్నది ఆ బల్ల మీదే. కేంద్ర బ్యాంకు వడ్డీ ఎంత పెట్టాలన్నదానికి అది ఒక కొలబద్ద. ముందు తటస్థ నిజ వడ్డీ రేటు తీసుకోవాలి. అంటే ధరల పెరుగుదల తీసేశాక, ఆర్థిక వ్యవస్థని వేగంగా తోయకుండా, వెనక్కి లాగకుండా ఉంచే వడ్డీ. దానికి ఇప్పుడున్న ద్రవ్యోల్బణం కలపాలి. ద్రవ్యోల్బణం బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం కంటే ఎంత ఎక్కువుంటే అందులో సగం కలపాలి, తక్కువుంటే తీసెయ్యాలి. చివరికి ఉత్పత్తి అంతరంలో సగం. ఈ అంతరం నా బుర్రకెక్కలేదు. ఆయన చెయ్యెత్తి ప్లాంటు చిమ్నీల వైపు చూపించారు.

"ప్లాంటు సత్తా వందనుకో అమ్మీ. ఆర్డర్లు లేక తొంబైతొమ్మిదే తీస్తంది. అప్పుడు అంతరం ఏటి? మైనస్ ఒకటి. దేశమంతా అలగే అనుకో. అలాటప్పుడు వడ్డీ కొంచెం తగ్గించాలి. సత్తాకి మించి ఉరికితే పెంచాలి."

లెక్క అయ్యాక ఆయన ఎప్పుడూ ఒక ప్రశ్న అడిగేవారు. అది అడక్కుండా సుద్దముక్క కింద పెట్టనిచ్చేవారు కాదు. "వచ్చిన రేటులోంచి ద్రవ్యోల్బణం తీసెయ్యి. డిపాజిట్ వేసుకున్న ముసలాయనకి ఏటి మిగిల్తాదో చూడు. ధరలు మండిపోతన్నప్పుడు ఆయనకి ఏటీ మిగల్లేదంటే నీ లెక్క తప్పు. మళ్లీ చెయ్యి." ధరలు ఒకటి పెరిగితే వడ్డీ ఒకటి కంటే ఎక్కువే పెరగాలన్నది ఈ సూత్రానికి ప్రాణం. ఆ ప్రాణాన్ని ఆయన ఒక ముసలాయనలో పెట్టి చెప్పారు. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాక నా పిల్లలకీ ఆ ముసలాయన్నే ఇచ్చాను.

తర్వాత నేను స్మృతి నగర్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఆయన రిటైరయ్యారు గాని, యూనివర్సిటీ వాళ్లు ఆయన్ని ఒగ్గలేదు. డిగ్రీ చివరి సంవత్సరం పేపర్లు దిద్దే క్యాంపుకి ఆయన్నే ప్రధాన పరీక్షకుడిగా పిలిచేవారు. ఆ ఏడు నన్నూ దిద్దడానికి పిలిచారు. ఒకే హాల్లో ఆయన పెద్ద బల్ల దగ్గర, నేను కిటికీ పక్క బల్ల దగ్గర. నిజం చెప్పాలంటే చాలా గర్వంగా అనిపించింది.

పేపర్లో పదిహేను మార్కుల ప్రశ్న ఒకటి. తటస్థ నిజ రేటు రెండు శాతం, ద్రవ్యోల్బణం ఆరు, లక్ష్యం నాలుగు, ఉత్పత్తి అంతరం మైనస్ ఒకటి, ఇప్పుడున్న వడ్డీ ఆరున్నర. సూత్రం ప్రకారం వడ్డీ ఎంతుండాలి, పెంచాలా తగ్గించాలా అని. ప్రశ్నా ఆయనదే, దిద్దడానికి మాకిచ్చిన మోడల్ ఆన్సరూ ఆయనదే. అందులో జవాబు నాలుగున్నర అని ఉంది. రెండు శాతం తగ్గించాలని.

నేను బల్ల మీద వేలితో లెక్క కట్టాను. రెండుకి ఆరు కలిపితే ఎనిమిది. ద్రవ్యోల్బణం లక్ష్యం కంటే రెండు ఎక్కువ, అందులో సగం ఒకటి, కలిపితే తొమ్మిది. అంతరం మైనస్ ఒకటి, దాన్లో సగం తీసేస్తే ఎనిమిదిన్నర. రెండు శాతం పెంచాలి. సరిగ్గా తిరగబడింది.

ఆయన ఎక్కడ జారారో కూడా కనిపించింది. ఈ సూత్రానికి ఒక దగ్గరి దారి ఉంది. నిజ రేటు రెండుకి లక్ష్యం నాలుగు కలిపి ఆరుతో మొదలుపెడితే, ద్రవ్యోల్బణం అంతరాన్ని సగంతో కాకుండా ఒకటిన్నరతో గుణించాలి. ఆరు, దానికి మూడు, అందులోంచి అర తీసేస్తే అదే ఎనిమిదిన్నర. ఆయన ఒకటిన్నర వాడారు గాని, మొదట ఆరు పెట్టాల్సిన చోట ఉత్తి రెండు పెట్టారు. రెండు, మూడు, అందులోంచి అర తీస్తే నాలుగున్నర. రెండు దారులూ బాగా వచ్చిన మనిషికే జరిగే పొరపాటు. ఒక్క దారే వచ్చినవాడు ఈ గోతిలో పడడు. ఆయన ముసలాయన్ని పిలిచి అడిగినా తెలిసిపోయేది. నాలుగున్నరలోంచి ఆరు తీస్తే మైనస్ ఒకటిన్నర. ధరలు మండుతుంటే డిపాజిట్ కరిగిపోతోందన్నమాట.

మోడల్ ఆన్సర్ ప్రకారం ఎనిమిదిన్నర వేసిన పిల్లలకి సూత్రం రాసినందుకు మూడు మార్కులు, మిగతా పన్నెండూ పోతాయి. హాల్లో అందరి ముందూ లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. మావయ్య తలదించుకోవడం నేను చూడలేను. టీ తాగడానికి ఆయన బయటికి వెళ్లినప్పుడు వెనకాలే వెళ్లి చెప్పాను.

ఆయన గ్లాసు గోడ మీద పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. లెక్క కడుతున్నారని తెలుసు.

"నిజమేనే. ఆరు పెట్టాలి. ఎలగ మర్చిపోయానో."

"పర్లేదు మావయ్యా. ఇంకా మొదటి రోజే కదా, మార్చేస్తే సరిపోతుంది. మా పిల్లలందరికీ మీరు చెప్పినట్టే చెప్పాను. వాళ్లంతా ఎనిమిదిన్నరే వేసుంటారు."

"రేపు పొద్దున్నే నానే చెప్తాను. నువ్వెవరితోనూ అనకు అమ్మీ. మనిద్దరి మధ్యే ఉండనీ."

ఎవరితోనూ అనలేదు. ఆ పూట ఆ ప్రశ్న వదిలేసి మిగతావి దిద్దాను. నన్ను నమ్మి అడిగారని సంబరపడ్డాను కూడా. ఎంత వెర్రిదాన్నో.

మర్నాడు ఆయన అందరి ముందూ లేచి నిలబడ్డారు. క్యాంపు నడిపే సమన్వయకర్త పక్కనే ఉన్నాడు. మావయ్య హిందీలో, పాఠం చెప్పే గొంతుతో మాట్లాడారు. మోడల్ ఆన్సర్‌లో మార్పేమీ లేదన్నారు. ఒక మేడమ్ తమ కాలేజీ పిల్లలు వేరే జవాబు రాస్తారని ముందే తనతో చెప్పారని, జవాబు మార్చమని అడిగారని, పిల్లల్ని కాపాడుకోవాలనుకోవడం సహజమే గాని క్యాంపులో అది కుదరదని అన్నారు. ఆ ప్రశ్నని ఆవిడ దిద్దకుండానే వదిలేశారని కూడా చెప్పారు. అన్నీ నేను చెప్పినవీ, చేసినవే. ఒక్క లెక్క మాత్రం వదిలేశారు.

అందరూ కిటికీ వైపు తిరిగారు. నేను లేచి బోర్డు మీద లెక్క చేస్తానన్నాను. ఇది క్లాసు కాదని సమన్వయకర్త అన్నాడు. నేను ఆయన్నే చూస్తూ తెలుగులో అడిగాను. "మావయ్యా, ముసలాయనకి ఏం మిగులుతుంది?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ కళ్లజోడు తుడుచుకోవడాన్ని నేను క్షమించలేను. తప్పు ఎవరైనా చేస్తారు. ఆయన తప్పుని నేను గుప్పిట్లో దాచి తీసుకెళ్లి ఇస్తే, ఆ గుప్పిటే నా మీదికి తిప్పారు.

నన్ను ఆ పూటే క్యాంపు నుంచి పంపేశారు. లెక్కంతా వివరంగా రాసి యూనివర్సిటీకి పంపాను. ప్రధాన పరీక్షకుడి నిర్ణయమే ఆఖరని జవాబొచ్చింది. మా కాలేజీలో నా ఉద్యోగం పోలేదు గాని, నేను స్టాఫ్ రూమ్‌లోకి వెళ్తే మాటలు ఆగేవి.

అదంతా నేను ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది జాముల్ నుంచి వచ్చే మా క్లాసు తెలుగు పిల్ల సంగతి. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఎం.ఏ. సీటుకి ఆ పిల్లకి తగ్గిన మార్కులు పన్నెండు కూడా లేవు. మళ్లీ దిద్దించుకుంది. అదే మోడల్ ఆన్సర్‌తో దిద్దారు, అవే మార్కులొచ్చాయి. రిజల్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నానెక్కడ గలతీ చేసినానో చెప్పండి. నెక్స్ట్ టైమ్ చెయ్యను."

తప్పేమీ లేదన్నాను. నమ్మలేదు. ఓదార్పుకి అంటున్నాననుకుంది. మొత్తం లెక్క మళ్లీ చేయించాను. మళ్లీ ఎనిమిదిన్నరే వచ్చింది. అప్పుడు ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి, రిజల్టు కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఆ తర్వాత బట్టల షాపులో బిల్లింగు పనికి చేరిందని తెలిసింది.

రుఆబాంధా వైపు వెళ్లడం మానేశాను. అత్తయ్య రెండుమూడుసార్లు ఫోన్ చేసింది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. ఆవిడ ఉప్మా మీద మాత్రం నాకు ఏ కోపమూ లేదు.

మరుసటి ఏడు కొత్త బ్యాచ్‌కి అదే సూత్రం చెప్పాల్సి వచ్చింది. అవే అంకెలు బోర్డు మీద వేశాను. మొండితనమే, ఒప్పుకుంటాను. మొదటి బెంచీలో ఒక పిల్ల అందరికంటే ముందు చెయ్యెత్తింది. కొత్తగా రాయపూర్ నుంచి వచ్చి చేరింది. సుద్దముక్క ఇచ్చాను. తడబడకుండా చేసింది. ఎనిమిదిన్నర. పెంచాలి. వెళ్లి కూర్చుంటుందనుకున్నాను, కూర్చోలేదు. పక్కనే ఎనిమిదిన్నరలోంచి ఆరు తీసి, రెండున్నర అని రాసి, దాని చుట్టూ గీత గీసింది.

"ఇదెందుకు?" అన్నాను.

"బూఢే ఆద్మీకి ఏం మిగుల్తుందో చూడాలి కదా మేడమ్. డిపాజిట్ వేసుకున్న ముసలాయనకి."

డస్టర్ బల్ల మీద పెట్టాను. ఎవరు నేర్పారని అడిగాను.

"మా నానాజీ. ఇక్కడే రుఆబాంధాలో ఉంటారు. ఎకనామిక్స్ ప్రొఫెసర్. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్నాను." ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. తాతగారి మీద ప్రేమ అంత తేటగా కనిపిస్తోంది. "ఇది మర్చిపోవద్దని నానాజీ రోజూ చెప్తారు మేడమ్. పోయినేడు ఎవరో మేడమ్ ఈ లెక్కలో తప్పు చేశారంట. పాపం, చాలామంది పిల్లల మార్కులు పోయాయంట."

క్లాసంతా నా వైపు చూస్తోంది. ఎవరా మేడమ్ అని నేను అడగలేదు. ఆ పిల్లకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

"కూర్చో" అన్నాను.

ఇంటర్నల్ మార్కుల్లో ఆ పిల్లకి పూర్తిగా వేశాను. లెక్క సరిగ్గానే ఉంది.