లెక్కకు రాని రెండో వ్యాసం

ఆదివారం పొద్దున గద్వాల నుంచి ఆత్మకూరు వైపు పోయే బస్సులో జనం తక్కువ. జూరాల దగ్గర కృష్ణ నీళ్ల మీద ఇంకా మంచు విడిపోలేదు. కిటికీకి తల ఆనించి, కళ్లు సగం మూసి, నేను ఒకే మాట లోపల అనుకుంటూ కూర్చున్నాను. రెండు. నావి రెండయ్యాయి.

ఆ మాటలో అంత మత్తు ఎందుకుందో చెప్పాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించాలంటే, దానికి ముందు రెండు పరిశోధన వ్యాసాలు పత్రికల్లో రావాలి, లేదా కనీసం అంగీకార పత్రమైనా చేతిలో ఉండాలి. ఆ పత్రికలు విశ్వవిద్యాలయం ఒప్పుకునే ఇండెక్స్ జాబితాలో ఉండాలి. వ్యాసంలో మొదటి పేరు నాదై ఉండాలి. ఇవన్నీ చూశానని నా గైడు సార్ ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అప్పుడు విభాగంలో అందరి ముందు చివరి సెమినార్, ఆ తర్వాతే గ్రంథం. నా రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుకు అయిపోతోంది. ఒకసారి పొడిగించారు కూడా. ఇంకో నాలుగు నెలల్లో సార్ రిటైర్మెంటు. గడువులోపు, సార్ సంతకంతోనే ఇచ్చెయ్యాలని ఏడేళ్లుగా నా ఆశ.

వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతాను. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. నా పరిశోధన కూడా ఆ మగ్గాల మీదే. నేసేవాడి పేరే అందరూ రాస్తారు, నేతకు ముందు ఆడవాళ్లు చేసే పని ఎవరూ రాయరు. మగ్గం మీది నిలువు పోగులు, అంటే ఒక పడుగు, అయిపోగానే, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా వేళ్లతో పురిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పనికి కూలి లేదు, పేరు లేదు. దాని మీద రాసిన అధ్యాయమే నాకు అన్నిటికన్నా ఇష్టం. రెండో వ్యాసం అందులోంచి తీసిందే.

మొదటి వ్యాసం నన్ను ఏడిపించింది. పంపిన తొమ్మిది నెలలకు ఇద్దరు సమీక్షకులు మూడు పేజీల నిండా తప్పులు పట్టి పంపారు. పట్టికలు సరిగా లేవట, నా వాదనకు నడుము లేదట. కోపంతో రెండు రోజులు కంప్యూటర్ తెరవలేదు. తర్వాత తిరగరాశాను, మళ్లీ తిరగరాశాను, వాళ్లు ఒప్పుకున్నారు.

రెండోది మాత్రం తేనె పూసినట్టు జరిగిపోయింది. మెయిల్లో ఒక పిలుపు వచ్చింది. పత్రిక పేరు చూశాను. జాబితాలో ఉంది. పత్రికలకిచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబరు సరిచూశాను. అంకెకు అంకె కలిసింది. వ్యాసం పంపిన నాలుగో రోజుకు అంగీకార పత్రం, పది రోజులకు వాళ్ల వెబ్‌సైటులో నా వ్యాసం. నాలుగు రోజుల్లో ఎట్లా చదివారని నా మనసులో ఎక్కడో ఒక చిన్న ముల్లు కదిలింది. దాన్ని నేనే నొక్కేశాను. మిగిలిన అధ్యాయాలు రాస్తూ ఎనిమిది నెలలు ఆ రెండు అనే అంకె మీద తలపెట్టి పడుకున్నాను. తరగతిలో జాతీయాదాయం చెబుతూ కూడా నల్లబల్ల మీద నా పేరు ముందు డాక్టర్ అని కనబడేది. పిల్లలు నవ్వితే గాని ఈ లోకంలోకి వచ్చేదాన్ని కాదు.

ఆ శుక్రవారం విశ్వవిద్యాలయం ఆఫీసులో పరిశోధన విభాగం గుమాస్తా నా కాగితాలు జాబితాతో సరిచూశాడు. పేరు మీద వేలు, నంబరు మీద వేలు.

"రెండూ కలిసినయ్ మేడం. గీ ఫారం మీద సార్ దస్తకత్ ఒక్కటి తెచ్చియ్యండి, సోమవారం ముందుకు పంపుత" అన్నాడు.

అందుకే ఆ ఆదివారం ప్రయాణం. సార్ది నాగర్‌కర్నూల్. సెలవు రోజుల్లో అక్కడి ఇంట్లోనే ఉంటారు. వనపర్తిలో బస్సు మారాను. కిటికీ బయట వేరుశెనగ చేలు, ఎర్ర చెలకలు, మళ్లీ చేలు. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతూ దిగాను.

సార్‌కు ఒక అలవాటుంది. మా విభాగంలో అందరికీ తెలుసు, వెనకాల నవ్వుకుంటాం కూడా. ఫారం ఇస్తే ముందు దాన్ని పక్కన పెడతారు. అంగీకార పత్రం చూడరు. సమీక్షకులు ఏం రాశారో ఆ కాగితాలు అడుగుతారు. అవి మొత్తం చదివాకే కలం తీస్తారు. మొదటి వ్యాసం కాగితాలు చదివి మెల్లగా నవ్వారు.

"మంచిగ కొట్టిండ్రు నిన్ను. రెండోదానివి ఏవి?"

"రాలేదు సార్. నేరుగా తీసుకున్నరు."

"ఎన్ని దినాలకు?"

చెప్పాను. నాలుగు అనే మాట నా నోట్లోంచి బయటికి రాగానే దాని అసలు ముఖం నాకు కనబడింది. సార్ లేచి, అల్మారాలోంచి నాలుగైదు పాత సంచికలు తెచ్చి నా ముందు పెట్టారు. అదే పత్రిక. అదే పేరు. మూడు నెలలకోసారి అచ్చులో వచ్చేది. దాని సంపాదకుడు సార్‌కు పాత పరిచయస్థుడట. నంబరు కలిపి ఫోను నా చేతికే ఇచ్చారు.

"నువ్వే అడుగు తల్లీ. వ్యాసం నీది గద."

అవతల ముసలి గొంతు. ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారాయన. తమ పత్రికకు వెబ్‌సైటే లేదని, తమ పేరూ నంబరూ ఎత్తుకుని ఎవరో దొంగ సైటు పెట్టారని, ఫిర్యాదు చేశామని. నాలాగా ఇంతకుముందు కూడా ఫోన్లు వచ్చాయని. చివర్లో, నా వ్యాసం దేని మీద అని అడిగారు. చెప్పాను.

ఫోను పెట్టాక సార్ ఫారాన్ని మా మధ్యకు జరిపారు. కలం మూత తీసి దాని మీద పెట్టారు.

"సూడు తల్లీ. ఆఫీసోళ్లు పేరు, నంబరే సూస్తరు. అవి కలిసినయ్. నేను దస్తకత్ పెడితే సోమవారం నీ పని అయితది. గడువు దాటదు. కానీ గీడ ఏం రాసుందో సదువు. నేను పరిశీలించిన అని ఉంది. పరిశీలించిన గద, ఇంగ తెల్వదు అననీకి రాదు. పెట్టాల్నా వద్దా నువ్వు చెప్పు."

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఈ అలవాటు లేని గైడు దొరికి ఉంటే ఈపాటికి నేను తిరుగు బస్సులో ఉండేదాన్ని. పెట్టండి సార్ అనే మాట నాలుక మీదకు వచ్చింది కూడా. ఏడేళ్లు. సెలవుల్లేని ఏడేళ్లు.

ఆపింది నిజాయితీ అని గొప్పగా చెప్పుకోలేను. ఆపింది దుఃఖం. ఆ వ్యాసాన్ని ఎవరూ చదవలేదు. నా చిన్న ముల్లుకు అర్థం అదే. నలభై మంది ఆడవాళ్లు మగ్గం గుంటల పక్కన కూర్చుని చెప్పిన మాటలు, ఎవరి పనైతే ఎవరూ చూడరని నేను వాదించానో వాళ్ల మాటలు, ఎవరి కళ్లూ పడకుండానే అంగీకారమయ్యాయి. ఎనిమిది నెలలు నేను సంబరపడింది దానికి.

"వద్దు సార్" అన్నాను.

సార్ కలానికి మూత పెట్టారు. మెచ్చుకోలేదు. ఆయన భార్య రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది, మేం తాగాం.

తర్వాతిది అంతా పొగలో నడిచినట్టుంది నాకు. గడువు దాటింది. మళ్లీ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నాను. సార్ రిటైరయ్యారు. విభాగంలో ఇంకొక ప్రొఫెసర్ గైడు అయ్యారు, సార్ కో-గైడుగా ఉండిపోయారు. గుమాస్తా నా ఫైలు మీద రెండు కొట్టేసి ఒకటి వేశాడు. కొట్టేసిన గీత కింద రెండు ఇంకా కనబడుతూనే ఉంది.

ఒక వ్యాసం రెండుచోట్ల రాకూడదు. దొంగ సైటువాళ్లకు తీసెయ్యమని రాశాను. మళ్లీ రాశాను. జవాబు లేదు. అప్పుడు ఆ ముసలి సంపాదకుడికి జరిగిందంతా ఒక ఉత్తరంలో దాచకుండా రాసి, ఆ వ్యాసాన్ని అసలు పత్రికకు తీసుకుంటారా అని అడిగాను. నా తప్పు కాగితం మీద నా చేత్తోనే రాసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పంపండి, సమీక్షకు పెడతాం, హామీ ఇవ్వలేం అన్నారాయన.

ఐదు నెలల తర్వాత సమీక్ష వచ్చింది. నాలుగు పేజీలు. గద్వాలలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోన్లో చదివాను. ఎంత తిట్టారో అంత హాయిగా ఉంది. ఎవరో చదివారు. వాక్యం వాక్యం పట్టుకుని చదివారు. నా లెక్కల్లో తప్పు చూపారు, పేరాలు మార్చమన్నారు. చివర్లో ఒక ప్రశ్న ఉంది. ఈ అతుకుల పని చేసే రోజుల్లో ఆ స్త్రీ ఇంట్లో ఏ పని ఆగిపోతుంది? వ్యాసంలో దీనికి జవాబు లేదు, అని.

నిజమే, లేదు. నలభై మందిలో ఒక్కరినీ నేను అది అడగలేదు. లోపల అమ్మ అప్పుడే మగ్గం దగ్గర కొత్త పడుగు సర్దుకుంటోంది. ఆ నలభై మందిలో అమ్మ లేదు. ఇంట్లో మనిషే కదా, తెలియంది ఏముంటుందిలే అనుకున్నాను.

గుమ్మంలో నిలబడి అడిగాను. "అమ్మా, నువ్వు అతుకులు పెట్టే దినాల ఇంట్ల ఏ పని ఆగుతది?"

అమ్మ తల ఎత్తలేదు. చిటికెడు బూడిద వేళ్లకు రాసుకుంది. బూడిద ఉంటేనే పోగు జారకుండా పురి పడుతుంది.

"ఏ పనీ ఆగదు బిడ్డా. పొద్దుగాల్నే అన్నీ చేసి కూసుంట గద."

"ఏదీ ఆగదా?"

రెండు పోగులు కలిశాయి.

"పగటి తిండి ఆగుతది. నడుమల చెయ్యి కడిగితె మళ్ల పోగు పట్టదు. దీపాలు పెట్టినంకనే తింట. పెండ్లయినకాంచి గంతే" అంది. తర్వాత నా వైపు చూసి, "గిది అడిగినోళ్లు ఎవరే?" అంది.

ఎక్కడో ఉన్న సమీక్షకుడని, పేరు కూడా తెలియదని చెప్పాను. అమ్మ తల ఊపి మళ్లీ పోగుల మీదకు వంగింది. చిన్నప్పుడు, అమ్మ అతుకులు పెట్టే రోజుల్లో నేను మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, ఆమె పొద్దున్నే వండి మూతపెట్టిన అన్నం తిని, మగ్గం పక్క నుంచే ఆటకు పోయేదాన్ని.