రెంచి పిడి మీద పసుపు గీత

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నాన్న పోయాక ఆయన బదులు నాకొచ్చిన ఉద్యోగం ఇది. టూల్ రూములో టార్క్ రెంచీలు పరీక్షిస్తాను. రెంచిని కాటా వేసే అమ్మాయి అని షాపులో నన్ను ఆటపట్టించేవారు. ఆ నెల మాత్రం ఎవరికీ వేళాకోళం రాలేదు.

పక్క షాపులో రైలు పెట్టె కింది బ్రాకెట్ ఊడి, కింద పనిచేస్తున్న ఖలాసీ కాలు మీద పడింది. మోకాలి దగ్గర తీసేశారు. ఆ బ్రాకెట్ బోల్టులు బిగించిన ఫిట్టరు మా నాన్న స్నేహితుడు, నాకు మావయ్య వరస. అతనిదీ, కాలు పోయినవాడిదీ ఖరిదా పేటలో ఒకే వీధి. బోల్టులు బిగించకుండా వదిలేశాడని మావయ్య మీద విచారణ పడింది. వీధిలో ఆయన్ని పలకరించడం మానేశారు. నాకు ఒళ్లు మండిపోయేది.

"టిక్‌మన్నాకే వదిలినానమ్మా," అనేవాడు మావయ్య. "టిక్ ఇనకుండా ఒక్క బోల్టు కూడా వదల్లేదు నాను."

నిజమో కాదో చెప్పగలిగింది ఆ రెంచి ఒక్కటే. అది సరిగ్గా ఉందని తేలితే తప్పు మావయ్యదే. పిడి తిప్పి దాన్ని ఒక బిగువుకి పెడితే, బోల్టు అంత బిగిశాక లోపలి స్ప్రింగు వల్ల టిక్‌మంటుంది. మావయ్య రెంచి రెండు వందల న్యూటన్ మీటర్ల మీద ఉంది. ఆ అంకె కదలకుండా పిడి మీద అడ్డంగా పసుపు పెయింటు గీత కూడా ఉంది.

పరీక్ష రోజు విచారణ అధికారి, బెంగాలీ ఆయన, టూల్ రూములో స్టూలు మీద కూర్చున్నాడు. మావయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. సెట్టింగు ముట్టుకోకుండా రెంచిని అయిదారుసార్లు ఊరికే టిక్‌మనిపించి, పరీక్ష ఇరుసుకి తగిలించాను. ఆ ఇరుసుకే మీటరు పొడవు లీవరు ఉంటుంది. దాని సొంత బరువు లెక్కలోకి రాకుండా వెనక ఎదురుబరువు ఉంటుంది. కొసన సర్టిఫికెట్ ఉన్న తూకపు రాళ్లు వేలాడదీస్తాం. రెంచి లాగితే లీవరు పైకి లేచి, సరిగ్గా అడ్డంగా నిలిచేసరికి టిక్‌మనాలి. రెండు వందలకి ఇరవై కిలోల నాలుగు వందల గ్రాములు కావాలి. నాలుగు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటాం. అంటే పంతొమ్మిది కిలోల ఆరు వందల దగ్గర్నుంచి ఇరవై ఒకటీ రెండు వందల దాకా.

పూర్తి బరువు పెట్టి మెల్లగా లాగాను. లీవరు లేవకముందే టిక్‌మంది. పంతొమ్మిది ఆరు వందలకి దించాను. అప్పుడూ అంతే. కొంచెం కొంచెంగా తీస్తూ పోతే పద్దెనిమిదిన్నర దగ్గర లీవరు అడ్డంగా నిలిచింది, టిక్ వినిపించింది. మళ్లీ మళ్లీ లాగి చూశాను, అక్కడే. తొమ్మిది శాతానికి పైగా తక్కువ.

"బోల్టు అందుకే ఊడిందంటారా?" అధికారి హిందీలో అడిగాడు.

"అది నేను చెప్పలేను సార్. ఈ రెంచి పనికిరాదని మాత్రం చెప్పగలను."

ఆయన రాసుకుని, "ఫిట్టరు తప్పు లేదు, ఠీక్ హై," అని వెళ్లిపోయాడు. మావయ్య స్టూలు మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"టిక్ ఎందుకమ్మా ముందే వచ్చేసినాది?"

"స్ప్రింగు నీరసించింది మావయ్యా. పని అయ్యాక సెట్టింగు కిందికి దించి పెట్టాలి. ఎప్పుడూ నొక్కేసి ఉంచితే దాని బలం పోతుంది."

ఆయన పసుపు గీత మీద బొటనవేలు పెట్టాడు. "ఎవులూ నంబరు కదపకూడదని నానే ఏసినాను. దించితే మళ్లా తప్పు పెట్టేత్తారేమోనని. మిగతావోళ్లు అడిగితే ఆళ్ల రెంచీలకి కూడా ఏసినాను."

ఆ సాయంత్రమే రెంచీలన్నీ టూల్ రూముకి తెప్పించాను. పట్టాలెక్కి వెళ్లిపోయిన పెట్టెల బోల్టులు మళ్లీ చూడమని మా సూపర్‌వైజరు కబురు పంపాడు. ఎన్ని చూశారో నాకు తెలియదు.

మావయ్య ఇంటికి పోకుండా సైకిలు దిగి కాలు పోయినవాడి గుమ్మం ముందు నిలబడ్డాడు. నేనూ వెనకే ఉన్నాను. తప్పు లేదని తేలిన కబురు అప్పటికే వీధికి చేరింది. వాడి భార్య బయటికి వచ్చి, "నీ తప్పు కాదంట గదన్నా, ఇన్నాం. లోపలికి రా," అంది.

ఆయన కదల్లేదు. "బోల్టు సరిగ్గానే బిగించినానమ్మా. రెంచి పాడు సేసినోడిని నానే," అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. లోపల మంచం మీంచి అతను ఎవరొచ్చారని అడుగుతున్నాడు.

"ఎవులూ లేరు," అని తలుపు వేసింది.