మొదటి పేజీలో పెట్టిన చెడ్డ పాఠం

పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేను బి.ఎడ్‌లో చేరాను. అంతకు ముందు కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ట్రైనింగ్ లేనివాళ్ళను ఉంచకూడదని ఎవరో అన్నారట, నన్ను మానిపించేశారు. "సర్టిఫికెట్ తెచ్చుకోండమ్మా, రెండేళ్ళ తర్వాత వచ్చే జూన్ దాకా మీ సీటు ఎవరికీ ఇవ్వం" అన్నారు కరస్పాండెంటు గారు. ఆ మాట పట్టుకుని అమలాపురం బస్సెక్కాను. చివరి సంవత్సరంలో నాకు కావలసింది ఒక్కటే, ఆ జూన్‌కి పాసయి ఉండటం.

ఆ యేడాది మొదట్లోనే మా కాలేజీలో బోధనా పద్ధతులు చెప్పే మాష్టారు పోర్ట్‌ఫోలియో గురించి చెప్పారు. బోధనలో మనం ఎలా ఎదిగామో చూపే ఆధారాలు యేడాది పొడుగునా దాచుకోవాలి. ఆఖర్న వాటిలోంచి కొన్ని ఎంచుకోవాలి. ఒక్కోదాని పక్కన అది ఎప్పటిదో, ఎందుకు ఎంచుకున్నామో, దానివల్ల ఏం తెలిసిందో, తర్వాత ఏం మార్చుకున్నామో రాయాలి. అది చూసి ఆయన సంతకం పెడితేనే వైవాకి రానిస్తారు. అన్నీ బుద్ధిగా రాసుకున్నాను గానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు. మా దగ్గర రికార్డంటే ఏమిటో మాకు తెలుసు కదా! సీనియర్ల రికార్డు అడిగి తెచ్చుకోవాలి, కొట్టివేతలున్న పాఠ్య ప్రణాళికను చించేసి ఫెయిర్ చేయాలి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు గీయాలి. నా దస్తూరి బాగుంటుందని క్లాసంతా అనేవారు. ఇక నాకేం అనుకున్నాను.

ఇంటర్న్‌షిప్‌కి మా ఊరి దగ్గర హైస్కూల్ వచ్చింది. అక్కడి లెక్కల మేడమ్‌ నాకు గైడ్ టీచరు. రాయలసీమ నుంచి ఈ వైపు కోడలిగా వచ్చి చాలా కాలమైంది. ఆవిడ నా పాఠాలు చూసి పరిశీలన పత్రం రాసివ్వాలి. జూలైలో నా మొదటి పాఠం ఏడో తరగతికి, భిన్నాల కూడిక. బోర్డు మీద ముత్యాల్లాంటి అంకెలు వేశాను. రెండు మెట్లకోసారి వెనక్కి తిరిగి "అర్థమైందా?" అని అడిగాను. "ఆయ్, అర్థమైందండీ" అని క్లాసంతా ఒకటే గొంతుతో అరిచింది. నేను గాల్లో తేలుతూ బయటికొచ్చాను.

మేడమ్‌ ఇచ్చిన పత్రంలో పొగడ్త లేదు. 'పీరియడంతా పిల్లలు ఆయ్ తప్ప మరో మాట అనలేదు. అర్థమైందో లేదో టీచరుకు తెలిసే దారి లేదు' అని రాసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అర్థమైందనే అన్నారు కదండీ మేడమ్" అన్నాను.

"ఏమ్మా, మీ వైపు పిల్లలకు మర్యాద ఎక్కువ. పెద్దవాళ్ళు అడిగితే కాదంటారా? మా వైపైతే అర్థం కాలేదని మొగం మీదనే చెప్తారు. రేపటి నుంచి ఆ మాట అడగొద్దు. గంట కొట్టే ముందు తలా ఒక చీటీ ఇచ్చి, ఒక్క లెక్క చేయించు. ఏమైనా చెప్పాలనుకుంటే కింద రాయమను."

ఎక్కడో పుట్టి వచ్చి మా మర్యాదకి వంక పెడుతుందా అని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర గింజుకున్నాను. "నిజమే కదా, మీ నాన్నగారు అడిగితే నేనూ అన్నిటికీ ఆయ్ అనే అంటాను" అన్నారాయన. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. అయినా మర్నాడు చీటీలు ఇచ్చాను. సగం మందికి పైగా అరకి మూడో వంతు కలిపితే ఐదింట రెండు అని రాశారు. పైవి పైవీ, కిందవి కిందవీ కూడేశారు. ఆ రోజు నుంచి చీటీలు మానలేదు. వాటిని చూసుకుని మర్నాటి పాఠం మార్చుకోవడం, రబ్బరు బ్యాండు వేసి సంచిలో పడేయడం అలవాటైపోయింది. అవి ఆధారాలని మాత్రం నాకు తట్టలేదు.

ఫిబ్రవరిలో ఫైలు పట్టుకెళ్ళాను. అబ్బో, ఏం ఫైలండీ అది! పెళ్ళి ఆల్బంలా ఉంది. ఫెయిర్ చేసిన పాఠ్య ప్రణాళికలు, లామినేషన్ చేయించిన చార్టులు, చేతులెత్తిన పిల్లల ఫోటోలు. మేడమ్‌ తర్వాత రాసిన మంచి పత్రాలన్నీ ఉన్నాయి, ఆ మొదటిది తప్ప. మాష్టారు ఆఖరి పేజీ దాకా తిప్పి, కళ్ళజోడు తీశారు.

"అమ్మా, జూలైలోనూ ఇంత బాగా చెప్పేరు, జనవరిలోనూ ఇంత బాగానే చెప్పేరు. మరి మా కాలేజీకి ఎందుకొచ్చేరండీ?"

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. ఒక చార్టు పక్కన నేను రాసిన వాక్యం మీద వేలు పెట్టారు. 'ఈ చార్టు వల్ల విద్యార్థులలో ఆసక్తి పెరిగింది.'

"ఎవరిలో పెరిగిందండీ? మీకెలా తెలిసింది? ముందెంత ఉండేది? చార్టు మీరు వేసేరని చార్టే చెప్తుంది. మీరేం మారేరో ఎవరు చెప్తారు? ఇది నేను సంతకం పెట్టను. వైవా లోపు మళ్ళీ పట్టుకురండి."

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కోపంతో కొంత, భయంతో ఎక్కువ. జూన్‌లో సీటు ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఇంట్లో 'ఈ వయసులో చదువేంటి' అని ముందే నసిగినవాళ్ళకి మంచి సాకు దొరుకుతుంది. తీరా చూస్తే చూపించడానికి పాత రోజులే లేవు. చెడ్డ ప్రణాళికలన్నీ నా చేతులతోనే చించి పొయ్యిలో పెట్టాను.

మర్నాడు మేడమ్‌ దగ్గర కూలబడ్డాను. ఆవిడ అంతా విని, "సంచిలో చీటీలున్నాయి కదమ్మా" అన్నారు.

"అవి మురికి కాగితాలండీ, అన్నీ తప్పులే."

"తప్పులే కావాల. ఏ తప్పు చూసి నువ్వు ఏం మార్చుకున్నావో అదే ఆధారం."

స్టాఫ్ రూములో బల్ల మీద చీటీలు పరిచాం. నా చేయి మొదట క్లాసు ఫస్టు అబ్బాయి చీటీల మీదికి పోయింది. మేడమ్‌ పక్కకి నెట్టేశారు. "వాడు నువ్వు లేకున్నా నేర్చుకుంటాడు. వానివి నీ గురించి ఏం చెప్తాయి?" అప్పుడు వెతికి వెతికి వెనక బెంచీ అమ్మాయివి తీశాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. భిన్నాలప్పుడు ఖాళీ చీటీ. తర్వాత సగం చేసి ఆపేసింది. సమీకరణాలప్పుడు ఒకటి సరిగ్గా, మర్నాడు మళ్ళీ తప్పు. ఆ తప్పుదాన్ని తీసేద్దామనుకున్నాను. "ఉండనీ, నిచ్చెన ఎక్కినట్టు ఎవరూ ఎదగరు" అన్నారు మేడమ్‌.

జనవరి చీటీ ఒకటి దొరికింది. అందులో లెక్కే లేదు. '2x + 3 ని 5x అని ఎందుకు రాయకూడదో అర్థం కాలేదండి. మళ్లీ చెప్పండి' అని పెన్సిలుతో రాసి ఉంది. ఆ రోజు చదివి కంగారు పడ్డానే గానీ, దాని విలువ నాకు ఇప్పుడు తెలిసింది. మా వైపు పిల్ల, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం ఎరగని పిల్ల, నాకు అర్థం కాలేదని నాకే రాసింది. నన్ను నమ్మింది! స్టాఫ్ రూములో అందరూ ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఆ వారం ఇంట్లో వంట పని మా ఆయన చూసుకున్నారు. నేను వ్యాఖ్యలు రాశాను. ఫెయిర్ చేయలేదు. కొట్టివేతలు కొట్టివేతల్లాగే ఉంచాను. మేడమ్‌ రాసిన ఆ మొదటి పత్రాన్ని బీరువాలోంచి తీసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టాను. పక్కన 'పిల్లలు అర్థమైందన్నారు, నేను నమ్మాను. అడగడం వేరు, తెలుసుకోవడం వేరని ఈ పత్రం చూశాకే తెలిసింది. మర్నాటి నుంచి చీటీలు' అని రాశాను. ఆ అమ్మాయి ఎవరో బయటపడకుండా చీటీల మీద పేరున్న చోట తెల్ల కాగితం అంటించాను. చార్టుల్లో ఒక్కటే మిగిలింది. మాష్టారు అన్ని పేజీలూ చూసి సంతకం పెట్టారు. ఫైలు తిరిగిచ్చేటప్పుడు "ఇప్పుడొచ్చేరమ్మా కాలేజీకి" అన్నారు. మహానుభావుడు, ఆ ఒక్క మాటకి ఆయన చేసిన అవమానమంతా మర్చిపోయాను.

వైవాకి బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి జనవరి చీటీ దగ్గర ఆగారు. "యేడాది ఆఖర్న పిల్ల అర్థం కాలేదంటే మీ పాఠం ఫెయిలయినట్టే కదండీ?"

ఉన్నదే చెప్పాను. "జూలైలో అందరికీ అర్థమైందన్నారండీ, సగం మందికి పైగా అర్థం కాలేదు. జనవరిలో ఒక పిల్ల తనకి అర్థం కాలేదని చెప్పిందండీ. మర్నాడు మళ్ళీ చెప్పేను."

"అప్పుడు అర్థమైందా?"

"లేదండీ. x బదులు ఒకటి పెట్టి చూపించేను. రెండిటికీ ఐదే వచ్చింది, నా ఖర్మ! ఆ పిల్ల ఇంకా గట్టిగా రెండూ ఒకటే అనుకుంది. మూడోసారి రెండు కొబ్బరి గెలలు, మూడు విడి కాయలు బొమ్మ వేసేనండి. ఒక్కో గెలలో ఎన్ని కాయలున్నాయో తెలీనప్పుడు మొత్తం కలిపి ఐదు గెలలంటే ఎలా అని అడిగేను. తర్వాత x బదులు రెండు పెట్టి చూడమన్నాను. ఒకవైపు ఏడు, ఇంకోవైపు పది వచ్చేయి. అప్పుడయిందండీ."

ఆయన గట్టిగా నవ్వి, "అదీ రాసేరా?" అన్నారు. పేజీ తిప్పి చూపించాను. చదువుకుని, మరో ప్రశ్న అడగకుండా వెళ్ళమన్నారు. పాసయ్యాననీ, జూన్‌లో నా సీటు నాకుందనీ తెలిసిన రోజున మేడమ్‌ కోసం పూతరేకులు పట్టుకుని హైస్కూలుకి పరిగెత్తాను. వేసవి సెలవులింకా ఇవ్వలేదు. మీ రుణం తీర్చుకోలేనండీ అంటూ ఏదో మొదలుపెట్టాను.

"కృతజ్ఞతలు తర్వాత చెప్దువుగానీ" అని, సొరుగులోంచి ఖాళీ పరిశీలన పత్రం తీసి నా చేతిలో పెట్టారు. "ఇన్నేండ్లలో నా పాఠానికి ఎవరూ నిజం రాసివ్వలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినోళ్ళందరూ బాగుందనే రాసిపోయినారు. పోయి ఏడో తరగతిలో వెనక కూర్చో. మొగమాటం వద్దు."

గురువు పాఠానికి నేను రాయడమా! వెనక బెంచీలో ఆ అమ్మాయి కాస్త జరిగి నాకు చోటిచ్చింది. సగం పీరియడు అక్షరం పడలేదు. తర్వాత మొదటి వాక్యం రాశాను. 'మేడమ్ వెనక బెంచీల దగ్గరికి ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు.'

గంట కొట్టాక ఆవిడ అది నిలబడే చదివారు. చదివి, పత్రాన్ని మడిచి తన రికార్డులో పెట్టుకున్నారు. రెండో పీరియడూ ఆ క్లాసుకి ఆవిడదే, ఆ పాఠాన్ని మా బెంచీ పక్కన నిలబడి మొదలుపెట్టారు.