బండి నుదుటి మీద స్టిక్కరు

రాజమండ్రిలో ఒక కార్ల షోరూములో సర్వీస్ అడ్వైజరుగా ఉన్న రోజుల్లో నేను ఎక్కువగా వాడిన మాట "నార్మలేనండి". ఏ శబ్దం వచ్చినా, ఏ లైటు వెలిగినా అదే మాట. కొత్త మోడళ్లలో అన్నీ వాటంతట అవే పనిచేసే రోజులొచ్చాయి. జనం వాటికి భయపడేవారు. నేను అంతకంటే ఎక్కువ భయపడేవాణ్ని, కాకపోతే టై కట్టుకుని భయపడేవాణ్ని.

కడియం నుంచి ఒకావిడ వచ్చేవారు. పెద్ద నర్సరీ వాళ్లది. భర్తకు వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలసిస్. డ్రైవరు మానేస్తే యాభై దాటిన వయసులో ఆవిడే డ్రైవింగ్ నేర్చుకున్నారు. అందుకే పై మోడల్ కొన్నారు. వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి, ఏసీ దానంతటదే సర్దుకుంటుంది, ఆవిడ దృష్టి రోడ్డు మీద ఉంటే చాలని మా సేల్స్ వాళ్లు నమ్మబలికారు.

రెండు నెలలు తిరక్కుండానే ఆవిడ నా ముందు కూర్చున్నారు.

"బండికేదో పట్టిందండి. వానలో వైపరు కదలదు. వాన వెలిసి ఎండ కాశాక ఉన్నట్టుండి పొడి అద్దం మీద బరబరా తిరుగుతుంది. ఏసీ ఆటోలో పెడితే మిట్టమధ్యాహ్నం ఉక్కపోత. మా వారు వెనకాల సొమ్మసిల్లిపోతున్నారు."

స్కానరు పెట్టి చూశాను. ఫాల్టు కోడ్ ఒక్కటీ లేదు. స్టీరింగు పక్కనుండే వైపరు కాడ మీది రింగు తిప్పి, చిన్న చినుక్కైనా కదిలేలా సెన్సిటివిటీ పెంచాను. ఏసీ చల్లగా లేకపోతే ఉష్ణోగ్రత బాగా తగ్గించుకోమన్నాను. "నార్మలేనండి" అని సంతకం పెట్టి పంపేశాను.

వారం తరవాత ఆవిడ ఫోను చేశారు. ముందురోజు వానలో కాలువ గట్టు మీద ముందద్దం మసకబారి దారి కనబడక, బండి ఆపేసరికి ముందు చక్రం గట్టు అంచున ఉందట. "రేపు మీరు నా పక్కన కూర్చుని రండి. నార్మలో కాదో మీ కళ్లతోనే చూడండి" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనేదో ఒక సాకు చెప్పేవాణ్నేమో.

మర్నాడు మధ్యాహ్నం కడియంలో వాళ్లింటి దగ్గర బండెక్కాను. ఆయన వెనక సీట్లో శాలువా కప్పుకుని కళ్లు మూసుకున్నారు. ఎండ చురచురలాడుతోంది. ఏసీ ఉష్ణోగ్రత నేను చెప్పినట్టే అట్టడుగుకు తగ్గించి ఉంది. ఎడమ పక్క నల్లటి నీళ్ల కాలువ, గట్టు మీద రెండు బళ్లు ఒరుసుకుని పోయేంతే రోడ్డు. నాకు ఈత రాదు. ఆ సంగతి అప్పటిదాకా ఎప్పుడూ గుర్తు రాలేదు.

రెండు మైళ్లు పోయామో లేదో ఆకాశం నల్లబడింది. వాన ఒక్కసారిగా మీద పడింది. వైపర్లు ఆటోలోనే ఉన్నాయి. నేను వాటికేసి చూస్తున్నాను. అవి కదల్లేదు. అద్దం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి, అయినా కదల్లేదు. అంతలో ఆ ధారల చుట్టూ తెల్లటి మసక అల్లుకుంది.

"ఇదిగోండి, ఇదే!" అన్నారావిడ. ఒక చేత్తో అద్దం లోపల తుడుస్తూ, అద్దానికి గాలి కొట్టే బటన్ నొక్కారు. మసక ఇంకా చిక్కబడింది. ఎదురుగా మొక్కల లోడు లారీ హారను మోగింది. ఎంత దూరంలో ఉందో తెలియలేదు. నా కాళ్లు లేని బ్రేకును తొక్కుతున్నాయి. వెనక నుంచి ఆయన "ఏంటే, ఆపావా?" అన్నారు. బండి ఆగలేదు, ఆయనకు తెలియదు.

అప్పుడు నేనూ చెయ్యి చాచి అద్దం తుడిచాను. వేళ్లకు తడి అంటలేదు. లోపల పొడిగా ఉంది.

"లోపల కాదండి, బయట! వైపరు ఆటో దాటించండి, ఒక మెట్టు కొట్టండి!" అని అరిచాను. ఆ బటన్ నేనే ఆపేసి ఉష్ణోగ్రత ఇరవై అయిదుకు పెంచాను. ఆవిడ కాడను కొట్టారు. వైపరు ఒక్క ఊపున నీళ్లనూ మసకనూ కలిపి తుడిచేసింది. లారీ అద్దం నిండా ఉంది. ఆవిడ స్టీరింగు ఎడమకు తిప్పారు. లారీ బురద నీళ్లు మా మీద కుమ్మరించి వెళ్లిపోయింది. నేను కిటికీలోంచి కిందికి చూశాను. గట్టు కనబడలేదు, నీళ్లే కనబడ్డాయి.

ఆసుపత్రి చేరాం. ఆయన్ను లోపల పడుకోబెట్టి వచ్చాక, పోర్టికో కింద బండి చుట్టూ తిరిగాను.

ఏసీ సంగతి ముందు తెలిసింది. ఆటోలో అది మూడు చోట్ల అడిగి నిర్ణయించుకుంటుంది. ముందు బంపరు వెనక బయటి వేడి, స్టీరింగు పక్కన చిన్న జాలీ వెనక లోపలి వేడి, డాష్‌బోర్డు మీద నల్లటి బొడిపెతో ఎండ. ఆ బొడిపె మీద ఆవిడ వినాయకుణ్ని అంటించారు. ఎండ ఎంత మండినా దాని లెక్కలో నీడే, అందుకే ఫ్యాను మెల్లగా తిరిగేది. దాన్ని కనుక్కోకుండా నేను బాగా తగ్గించుకోమన్నాను. గడ్డకట్టే గాలికి అద్దం చల్లబడితే వానగాలిలోని తేమ బయట పేరుకుంటుంది. పైగా ఆ బటన్ అదే చల్లగాలిని నేరుగా అద్దానికి కొట్టింది.

ఇక వైపరు. వాన సెన్సారు ముందద్దానికి లోపలి వైపు పైన, మధ్యలో ఉంటుంది. కంటికి కనబడని వెలుగును అద్దంలోకి ఏటవాలుగా పంపుతుంది. అద్దం బయట పొడిగా ఉంటే ఆ వెలుగు తిరిగొస్తుంది. చినుకు పడితే కొంత వెలుగు ఆ నీటిలోంచి జారిపోతుంది. తిరిగొచ్చేది ఎంత తగ్గితే అంత వాన అని దాని లెక్క. సరిగ్గా ఆ చోట, అద్దం బయట, అరచేతిలో సగమంత లక్ష్మీదేవి స్టిక్కరు ఉంది. చినుకులు స్టిక్కరు మీద పడుతున్నాయి, సెన్సారుకు తెలియడం లేదు. ఒక మూల లేచి కిందికి నీళ్లు దూరాయి. ఎండకు ఆ నీళ్లు కదిలి ఆరుతుంటే సెన్సారు దాన్నే వాన అనుకుంటోంది. సెన్సిటివిటీ పెంచి నేను ఆ పిచ్చిని ఇంకా పెంచాను.

గోటితో స్టిక్కరు లాగేశాను. జిగురు తుడిచాను. రింగు మధ్యకు తెచ్చి, ఆటోలో పెట్టి, సీసాతో నీళ్లు చిలకరించాను. వైపరు చటుక్కున తిరిగింది. ఇంకా పోశాను, వేగం పెంచింది. ఆపాను, ఆగింది. ఆవిడ వినాయకుణ్ని తీసి పక్కకు జరిపారు.

"మరి ఇది ఎవరంటించారండి? మేం అంటించలేదు" అన్నారు, నా చేతిలోని స్టిక్కరు చూస్తూ.

అది మా షోరూముది. కొత్త బళ్లను చివరిసారి చూసి అప్పగించే పనీ నాదే. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టి, డ్రైవరు చూపుకు అడ్డు రాకుండా ముందద్దం బయట, పైన మధ్యలో, బండి నుదుటి మీద అంటించడం మా ఆనవాయితీ. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనేనండి" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. కానీ ఆ తరవాత అడిగిన దాంట్లో మీరు అన్న మన్నన లేదు.

"ఇంకెన్ని బళ్లకి అంటించావు?"

ఆ మోడల్‌వి నా చేతుల మీదుగా వెళ్లినవి ఇంకా నాలుగు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆఫీసుకు ఫోను చేసి నంబర్లు తీసుకున్నాను. ముగ్గురు దొరికారు, స్టిక్కరు తీసేదాకా వైపరు ఆటోలో పెట్టొద్దని చెప్పాను. నాలుగో నంబరు పాలకొల్లుది. బండి కొన్నాయన భార్య ఎత్తారు. "పిల్లల్ని తీసుకుని ఇప్పుడే మా పుట్టింటికి బయల్దేరారండి, ఫోను ఇంట్లో మర్చిపోయారు. ఇక్కడ వాన దంచేస్తోంది. ఏంటండి విషయం?"

చేరగానే అక్కణ్నుంచి నాకు ఫోను చేయించమన్నాను.

డయాలసిస్ నాలుగు గంటలు పట్టింది. నేను షోరూముకు పోలేదు. ఆవిడ బయటికి వచ్చి నా పక్కన అదే మెట్టు మీద కూర్చున్నారు. వాన పోర్టికో మీద మోగుతూనే ఉంది. చివరికి ఫోను మోగితే ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే నా చేతిలోంచి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు.

"చేరారా బాబూ? పిల్లలు బాగున్నారా?" అని అడిగారు. విని, తలూపారు. నేను అక్కడే, అంతమంది చూస్తుండగా, ఏడ్చేశాను.