ఓనర్ గడిలో నా పేరు

మామిడి రైతుల కోసం మా కంపెనీ నడిపే బ్లాగులో ఏ వ్యాసం పాతబడిందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని నేనే ఒక షీటు తయారుచేశాను. వ్యాసానికో వరుస. అందులో విషయం, స్థితి, ఓనర్, చివరిసారి సవరించిన తేదీ. ఓనర్ అంటే ఆ వ్యాసాన్ని తాజాగా ఉంచాల్సిన మనిషి. తేదీకి ఏడాది దాటితే గడి దానంతటదే ఎర్రబడుతుంది.

పూత మీద కొట్టే మందుల వ్యాసం మా యజమాని బావగారు ఎప్పుడో రాసింది. ఆయన పేరే వేశాను. తేదీ ఎక్కించగానే ఎర్రబడింది. మేనేజర్ పిలిచాడు.

"పెద్దాయన పేరు పక్కన ఎరుపేంటండీ, బాగోదు. మీ పేరు వేసేయండి."

"అందులో అక్షరం మార్చాలన్నా ఆయన ఒప్పుకోవాలి కదండీ."

"అడుగుదాం లెండి. ముందు పేరు మార్చండి."

మార్చాను. స్థితి దగ్గర 'సవరించాలి' అని రాసి పెద్దాయనకు ఫోన్ చేశాను. "చూద్దాంలేమ్మా" అన్నారు. ఎన్నిసార్లు చేసినా అదే మాట. చూడలేదు.

పూత సమయంలో ముసునూరు రైతు ఒకాయన ఆ వ్యాసం ఫోన్‌లో చూపిస్తూ ఆఫీసుకొచ్చాడు. అందులోని మందును ప్రభుత్వం ఎప్పుడో నిషేధించిందట. అది అడిగినందుకు పురుగుమందుల షాపులో నలుగురూ నవ్వారట.

పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నారు. నా చేతే షీటు తెరిపించారు. ఓనర్ గడి మీద వేలు పెట్టి, రైతుకు వినబడేలా అన్నారు.

"మంచి షీటు చేశావమ్మా. తప్పు ఎవరిదో వెతుక్కునే పని లేకుండా పోయింది."

మేనేజర్ తల ఊపాడు.