పార్వతమ్మకు దక్కని మాట

వనపర్తి కోర్టు ఎదుట రేకుల షెడ్డులో ప్రేమలత పదహారేళ్లుగా తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మారుస్తోంది. తెలుగులో ‘అని’ కనిపిస్తే చాలు, ఇంగ్లీషులో ‘సేయింగ్’ అని టైపు కొట్టేసేది. పని చకచకా తెమిలేది. అడిగినవాళ్లూ లేరు, అనుమానించినవాళ్లూ లేరు.

ఒక మధ్యాహ్నం వకీలు నిరంజన్ పాత కాగితం ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

“అక్కా, రెండేండ్ల కింద నువ్వే చేసినవ్. పార్వతమ్మ బెయిలుకు మల్ల వేస్తున్న. కొత్త కాపీ తియ్యి.”

పార్వతమ్మ కూలీ మనిషి. కోడలు బావిలో దూకి చనిపోయింది, అత్తే ఉసిగొల్పిందని కేసు. పార్వతమ్మ రాయించిన వాక్యం ఇది: “కోడలు బాయిల దుంకుతదని ఉరికిన.”

దాని కిందే తన ఇంగ్లీషు. కోడలు దూకుతుందని చెబుతూ ఉరికిందట! ముందే చెప్పిందంటే ముందే తెలుసన్నమాట అని పైకోర్టు బెయిలు కాదంది. ప్రేమలత తెలుగు వాక్యం మళ్లీ చదివింది. నోటితో అన్నదానికీ ‘అని’ చాలు, మనసులో భయపడ్డదానికీ అదే చాలు. చూద్దామని పోయినా అదే. ఇంగ్లీషు మాత్రం ఊరుకోదు. చెబితే ‘సేయింగ్’, భయపడితే ‘ఫియరింగ్’, చూడటానికి పోతే ‘టు సీ’. ఏదో ఒకటి తేల్చాల్సిందే. ముసలమ్మ భయంతో ఉరికితే, చాటుకుంటూ ఉరికినట్టు తేల్చింది తనే.

ఆ రోజు నుంచి ఆ వాక్యంలోని పార్వతమ్మ గొంతు ఆమెను వదల్లేదు. బియ్యం కడుగుతుంటే వినిపించేది. చర్చిలో కళ్లు మూసుకుంటే వినిపించేది. దుంకుతదని ఉరికిన, దుంకుతదని ఉరికిన. ప్రేమలత ఆ ముసలమ్మ ముఖం ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టగలదు.

“ఊకె కొత్తది పెడితే ఇప్పుడు మార్చిన్రంటరు. తప్పు నాదని నేనే అఫిడవిట్ ఇస్త,” అంది నాలుగోరోజు.

“జర ఆలోచించు అక్కా. గట్ల రాసిస్తే ఇగ నీకు కాగితమెవరిస్తరు?”

“ఆమె లోపల రెండేండ్లు కూసున్నది కద నిరంజన్. నేను ఈ షెడ్డు పోతదని కూసోవాల్నా?”

అఫిడవిట్ మొదలుపెట్టింది. తప్పు ఎందుకు జరిగిందో రాయాలి. పాత కాగితం మీద తేదీ చూడగానే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజుకు ఆఖరి కాగితం అదే. బయట ఆత్మకూరు బస్సు హారన్ కొడుతోంది. తన ఊరికి అదే చివరి బస్సు.

బస్సు పోతదని అట్లా కొట్టేసి లేచింది.

దాన్నిప్పుడు ఇంగ్లీషులో పెట్టాలి. బస్సు పోతుందని ఆమె ఎవరితోనూ చెప్పలేదు, భయపడింది. వేళ్లు వాటంతటవే ‘ఫియరింగ్’ అని కొట్టాయి. పార్వతమ్మకు ఇవ్వని మాట. కోడలి ప్రాణం పోతుందని ఉరికిన మనిషికి ఇవ్వలేదు, బస్సు పోతుందన్న తనకు వెంటనే దొరికింది.

ప్రేమలత ఏడ్చింది. ఆ మాట చెరపకుండా కింద సంతకం పెట్టింది.