నాలుగు మెట్లు కిందికి

నాచారంల మా చర్చిల పాటలు మొదలుపెట్టే పని నాకొచ్చి అప్పటికి ఏడాది అయింది. తెలంగాణ రాకముందు మాట, ఇంకా మెట్రో పిల్లర్లు గిట్ల ఏం లేవు. వారమంత హబ్సిగూడల ఒక స్కూల్ల పిల్లలకు లెక్కలు చెప్పుడు, ఆదివారం మైకు ముంగట నిలవడుడు. ఈ రెండిట్ల నాకు ఏది పానమంటే ఆదివారమే.

నాకంటే ముందు ఇరవై ఏండ్లు ఆ మైకు ఒక పెద్దయ్యది. కంపెనీల ఫోర్‌మన్ చేసి రిటైరైన మనిషి. కోపమెక్కువ, మెచ్చుకునుడు తక్కువ. కీబోర్డు కొన్నంక, దానితోని ఆయన తాళం కలుస్తలేదని కమిటీ వాళ్ళు నన్ను నిలవెట్టిన్రు. ఆ దినం నుంచి ఆయన నా దిక్కు సూసి నవ్వింది లేదు.

ఒక ఆదివారం ఆరాధన అయినంక మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి ఒక కాయితం చేతుల వెట్టిండు. “పెద్దయ్య కమిటీకి రాసిండు. పాట నీ చేతులకెల్లి తీసెయ్యాలంటుండు. నెలాఖరు ఆదివారం కూసుంటం. అప్పటికి సదువుకొని, నువ్వు ఏమంటవో అను” అన్నడు. ఇంక రెండు వారాలే ఉన్నయి.

బస్సుల కూసొని సదివిన. ఐదు తప్పులు రాసిండు. నేను ఎత్తుకునే శ్రుతి ఎవ్వలకందదంట. సినిమా పాట లెక్క గొంతు తిప్పుతనంట. చుడీదార్ వేసుకొని మైకు ముంగటికొస్తనంట. పెద్దవాళ్ళు ఎదురైతే వందనం చెప్పనంట. ఆఖరుది, నేను పాడేది దేవునికి కాదు, నలుగురు మెచ్చుకోవాలని.

నా ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చెప్పులు ఇడిసింది ఇడిసినట్టే నాయిన ముంగట కాయితం ఇసిరిన. “ఇరవై ఏండ్లు శ్రుతి తప్పి పాడినాయన నాకు శ్రుతి జెప్తడా? మైకు పోయిందని కడుపుమంట” అన్న. నాయిన అద్దాలు వెట్టుకొని మెల్లగ సదివిండు. సదివి మలిచి టీవీ మీద వెట్టిండు. ఆ పొద్దంత నేను ఒర్లుతనే ఉన్న, ఆయన ఒక్క మాట అనలే. నాకది ఇంకా మండింది.

మూడు దినాలైనంక, మా స్కూల్ల స్టాఫ్‌రూంల కూసొని పరీక్ష పేపర్లు దిద్దుతున్న. ఒక పిలగాడంటే నాకు అసలు పడదు, క్లాసంత ఆగం జేస్తడు. కానీ వాని లెక్క కరెక్టుంది, మార్కులు ఎయ్యక తప్పలే. వేసినంక నాకే నవ్వొచ్చింది. పెద్దయ్య కాయితం గూడ గట్లనే దిద్దొచ్చు గదా అనుకున్న. ఆయనకు నా మీద కడుపుమంట ఉన్నది నిజమే కావచ్చు. అంతమాత్రాన రాసిందంత అబద్ధమైతదా?

ఒక తెల్లకాయితం తీసి ఆయన రాసినయే మళ్ళ నా చేతితోని రాసిన. తిట్లు తీసేసి, అసలు సంగతి ఒక్కటే ఉంచిన. మన చేతిరాతల మన మీదున్న మాట సదివితే జర నిమ్మళంగ ఉంటది. చుడీదార్ సంగతి కొట్టేసిన, దానికీ పాటకూ సంబంధం లేదు. దేవునికా, మెచ్చుకోలుకా అన్నది ఆయనెట్ల జూసిండో నాకు తెల్వదు, దాన్నీ కొట్టేసిన, గని చెయ్యి జర ఆగిందని ఒప్పుకోవాలె. వందనం సంగతి సగం నిజం. ఆరాధన కాంగనే నేను కీబోర్డు వైర్లు సుట్టుకుంట కూసుంటుంటి, తలెత్తేదాన్ని కాదు. మిగిలింది శ్రుతి, గొంతు తిప్పుడు. ఆ రెండు నిజమా కాదా అన్నది ఆయన మీద కోపంతోని తేలేది కాదు. చర్చిల తేలాలె.

ఆ వచ్చిన ఆదివారం ఒక పని జేసిన. అందరికీ నోటికొచ్చే పాట ఎత్తుకున్న. రెండో చరణంల, పై స్వరం కాడికి రాంగనే మైకు పక్కకు జరిపి నోరు మూసుకున్న. కీబోర్డు ఒక్కటే మోగింది. నూటయాభై మందిల ముంగటి వరుసల నలుగురైదుగురు ఆడవాళ్ళ గొంతులు, అవీ సన్నగ వినవడ్డయి. మగవాళ్ళ దిక్కు సూస్తే పాటల పుస్తకం తెరిచి, పెదవులు కదలకుంట నిలవడ్డరు. అందరు నా దిక్కే చూస్తున్నరు. ఏడాది సంది వాళ్ళు పాడుతున్నరనుకున్న. వాళ్ళు ఇంటున్నరు.

ఇంటికొచ్చినంక నాయిననడిగిన. “నిజం జెప్పు నాయినా. నేనెత్తుకుంటే నీకు అందుతదా?”

“అందది బిడ్డా” అన్నడు. “పైకి పోతే గొంతు చీలుతది. కిందికి దిగి పాడుదమంటే మాటే బయటికి రాదు.”

“మరి ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే?”

“నువ్వు పాడుతుంటే మస్తు సంబురమైతుండె. ఎట్ల జెప్పాలె?”

నాకు ఏడుపొచ్చింది. నన్ను పానంగ సూసుకునే మనిషి చెప్పలేకపోయిన మాట, నన్ను సూడ సైసని మనిషి చెప్పిండు. ఆయన జెప్పకపోతే ఇంకెన్నేండ్లు గట్లనే పాడుతుంటినో.

శనివారం కీబోర్డు వాయించే అన్నతోని కూసున్న. నా గొంతుకు హాయిగుండేది ఐదు శ్రుతి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకుంట ఒక్కొక్క మెట్టు కిందికి దించినం. నల్లయి తెల్లయి కలిపి నాలుగు మెట్లు దిగి రెండున్నర శ్రుతి కాడికొస్తే అన్న తన గొంతుతోని పాట మొత్తం హాయిగ పాడిండు. నాకు మాత్రం కింది స్వరాల కాడ గాలే వస్తుంది. “నీ గొంతు అణిగిపోతుంది గదా చెల్లె, రెండు మెట్లు చాలు” అన్నడు. రెండు మెట్లకు మళ్ళ పాడిచ్చిన. పై స్వరం కాడ ఆయన మెడ నరాలు తేలినయి. “నాలుగే ఉంచు” అన్న. అందరు కలిసి పాడే పాటలల్ల గొంతు తిప్పుడు గూడ బందు జేసిన. నేను తిప్పుతుంటే లైను ఎక్కడ అయిపోతదో ఎనకున్నోళ్ళకు ఎట్ల తెలుస్తది? ఒంటరిగ పాడే పాట ఉంటే అప్పుడు తిప్పుకుంట.

నెలాఖరు ఆదివారం చుడీదార్‌ల్నే పోయిన. పాట ఎత్తుకున్న. మొదటి చరణంల అనుమానంగ ఒకటి రెండు గొంతులు లేసినయి. రెండో చరణానికి మగవాళ్ళ దిక్కునుంచి పెద్ద చప్పుడు లేసి నా మీద పడ్డది. మైకు ఉన్నా నా గొంతు నాకే వినవడలే. అబద్ధమెందుకు, ఒక నిమిషం బాధైంది. నా పాట పోయిందనిపించింది.

ఆరాధన అయినంక కమిటీ కూసుంది. నన్ను మాట్లాడమన్నరు. “పెద్దయ్య రాసినదాంట్ల శ్రుతి సంగతి నిజం, పరీక్ష జేసి సూసిన, మార్చిన. గొంతు తిప్పుడు గూడ నిజమే, అదీ మార్చిన. వందనం తప్పు నాదే, ఇంకముందు జెప్త. బట్టల సంగతి మాత్రం మార్చ. దేవునికా మెచ్చుకోలుకా అన్న ఆఖరు మాట నాకు నేనే సూసుకోవాలె. మైకు ఉంచుతరో తీస్తరో మీ ఇష్టం” అన్న.

అయ్యగారు పెద్దయ్య దిక్కు తిరిగిండు. “మీరేమంటరు? మీ అర్జీ ఉంచుకుంటరా?”

పెద్దయ్య కొట్లాటకు తయారై వచ్చినట్టుండె, ఇంకో కాయితం గూడ జేబుల కనవడుతుంది. దాన్ని తియ్యలే. నా దిక్కు సూడకుంట, “చుడీదార్ తప్పే” అన్నడు. మళ్ళ కింది గొంతుతోని, “ఇయ్యాల పాడిన. ఏడాదైంది” అన్నడు.

మాట పనికొస్తదా లేదా తేల్చుకోవాలని మనిషిని పక్కకు వెట్టిన, మంచిదే జేసిన. కానీ ఇరవై ఏండ్లు పాడిన మనిషి ఏడాది సంది అదే చర్చిల నోరు మూసుకొని నిలవడ్డడని, నిలవడ్డది నా శ్రుతి అందకనేనని, నాకు ఒక్కపారి గూడ తట్టలే.